ఏ లేయర్ ఎవరితో మాట్లాడుతుంది?



ఇంజనీరింగ్‌లో కంప్యూటర్ నెట్‌వర్క్స్ చదివే పిల్లల దగ్గర పరీక్షల నాటికి ఒక కాగితం తయారవుతుంది. సెమిస్టరంతా మాస్టారు తెర మీద చూపించిన స్లైడ్లను ఒక్క పట్టికలోకి కుదించిన కాగితం అది. ఎడమ పక్క కింది నుంచి పైకి ఏడు లేయర్ల పేర్లు ఉంటాయి: ఫిజికల్, డేటా లింక్, నెట్‌వర్క్, ట్రాన్స్‌పోర్ట్, సెషన్, ప్రెజెంటేషన్, అప్లికేషన్. వాటి పక్కన ఒక్కొక్కటి చేసే పని, ఆ పక్కన ప్రొటోకాల్స్, చివరి గడిలో పరీక్షలో వచ్చే ప్రశ్నలు. వరుస తప్పకుండా ఉండటానికి ‘ప్లీజ్ డు నాట్ త్రో సాసేజ్ పిజ్జా అవే’ అనే మాటను సీనియర్లు జూనియర్లకు అప్పగిస్తూ వస్తున్నారు. సాసేజ్ అంటే ఏమిటో తెలియని పిల్లలు కూడా దాన్ని గడగడా చదివేస్తారు.

జవాబు పత్రాలు దిద్దేవాళ్లకు తరచూ ఒక విచిత్రం కనిపిస్తుంది. ఏడు లేయర్లు రాసి వాటి పనులు వివరించమన్న ప్రశ్నకు జవాబు నిండుగా ఉంటుంది. పేజీ తిప్పితే, రౌటర్ దాటాక ప్యాకెట్‌లో ఏవి మారతాయి, ఏవి మారవు అన్న ప్రశ్న దగ్గర అదే విద్యార్థి తడబడి ఉంటాడు. రెండు ప్రశ్నలకూ సరుకు ఒకటే. కాకపోతే మొదటిదానికి గడులు తెలిస్తే చాలు, రెండోదానికి గడికీ గడికీ మధ్య ఏం జరుగుతుందో తెలియాలి. అది స్లైడ్లలో బాణం గుర్తుగా మాత్రమే ఉంటుంది. ఇవాళ ఆ బాణం వెంట నడుద్దాం. కాగితం, పెన్సిలు దగ్గరుంటే తీసుకోండి.

మీ పట్టికలో కింద నుంచి రెండో గడి, మూడో గడి, నాలుగో గడి చూడండి. డేటా లింక్, నెట్‌వర్క్, ట్రాన్స్‌పోర్ట్. లెక్కల ప్రశ్నలు ఎక్కువగా ఈ మూడింటి నుంచే వస్తాయి కాబట్టి వీటి దగ్గరే ఆగుదాం. ఈ మూడింటికీ పక్కన ఒక కొత్త నిలువు వరుస గీసి, దానికి ‘ఎవరితో మాట్లాడుతుంది’ అని పేరు పెట్టండి. డేటా లింక్ పక్కన ‘పక్కనున్న యంత్రంతో’ అని రాయండి. తీగకు ఆ చివరో, వైఫైకి ఆ పక్కో ఉన్న పరికరంతో తప్ప దానికి ఇంకెవరితోనూ పని లేదు. దాని చిరునామా 48 బిట్ల మ్యాక్ అడ్రస్. నెట్‌వర్క్ లేయర్ పక్కన ‘చివరి యంత్రంతో’ అని రాయండి. మధ్యలో ఎన్ని రౌటర్లు ఉన్నా దాని చూపు గమ్యం మీదే ఉంటుంది. దాని చిరునామా ఐపీ అడ్రస్, వెర్షన్ నాలుగులో 32 బిట్లు. ట్రాన్స్‌పోర్ట్ పక్కన ‘చివరి యంత్రంలో నడుస్తున్న ప్రోగ్రాంతో’ అని రాయండి. దాని చిరునామా 16 బిట్ల పోర్ట్ నంబర్.

ఇప్పుడు ఇంకొక నిలువు వరుస గీయండి. దాని పేరు ‘పైన ఎవరున్నారో చెప్పే అంకె’. ఇది స్లైడ్లలో అరుదుగా కనిపిస్తుంది కానీ పట్టిక మొత్తాన్ని కట్టి ఉంచేది ఇదే. ఒక ఫ్రేమ్ వచ్చి నెట్‌వర్క్ కార్డుకు చేరిందనుకుందాం. లోపలున్నది ఎవరికి అప్పగించాలో కార్డుకు ఎలా తెలుస్తుంది? ఈథర్నెట్ హెడర్‌లో టైప్ అనే రెండు బైట్ల గడి ఉంటుంది. అక్కడ 0x0800 ఉంటే లోపల ఐపీ ప్యాకెట్ ఉందని అర్థం. 0x0806 ఉంటే ఏఆర్‌పీ. అలాగే ఐపీ హెడర్‌లో ప్రొటోకాల్ అనే గడి ఉంది. అందులో 6 ఉంటే టీసీపీకి, 17 ఉంటే యూడీపీకి, 1 ఉంటే ఐసీఎంపీకి ఇవ్వాలి. ట్రాన్స్‌పోర్ట్‌లో ఈ పని పోర్ట్ నంబరే చేస్తుంది. 443 అంటే హెచ్‌టీటీపీఎస్, 53 అంటే డీఎన్ఎస్.

ఈ వరుస గీసుకుంటే ఒక పాత తగువు సులువుగా తేలిపోతుంది. ఏఆర్‌పీ ఏ లేయర్‌ది? ఒక పుస్తకం డేటా లింక్ అంటుంది, ఇంకొకటి నెట్‌వర్క్ అంటుంది, స్లైడ్లు చేసినవారు ఏ పుస్తకం చదివారో దాన్ని బట్టి మన పట్టికలో పడుతుంది. అసలు ఈ తగువు ఎందుకొచ్చిందో చూద్దాం. ఏడు లేయర్ల ఓఎస్ఐ నమూనాను ఐఎస్ఓ సంస్థ ప్రమాణంగా అచ్చువేసింది 1984లో. అమెరికాలో ఆర్పానెట్ అంతకుముందే, 1983 జనవరి 1న, టీసీపీ ఐపీకి మారిపోయింది. ఏఆర్‌పీ పద్ధతిని వివరించిన పత్రం 1982 నాటిది. అంటే మన పట్టికలో గడులు ఒక ఇంటివారు కట్టినవి, వాటిలో కూర్చున్న ప్రొటోకాల్స్ వేరే ఇంటివి. ఈ ప్రొటోకాల్స్ రాసినవాళ్లు ఏడు గడులను దృష్టిలో పెట్టుకుని రాయలేదు. 1989లో ఇంటర్నెట్‌వాళ్లు తమ ప్రమాణంలో లింక్, ఇంటర్నెట్, ట్రాన్స్‌పోర్ట్, అప్లికేషన్ అని నాలుగే చెప్పుకున్నారు. సెషన్, ప్రెజెంటేషన్ గడుల్లో ఏ ప్రొటోకాల్ రాయాలో తోచక పిల్లలు పెన్ను కొరుక్కునేది అందుకే. ఆ రెండు గడుల గురించి నేను ఇంతకు మించి సమయం తీసుకోను.

ఏఆర్‌పీ విషయంలో రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది దేని లోపల కూర్చుని ప్రయాణిస్తుంది? ఎవరి పని చేసిపెడుతుంది? ఏఆర్‌పీ నేరుగా ఈథర్నెట్ ఫ్రేమ్‌లో కూర్చుంటుంది, దానికి ఐపీ హెడర్ ఉండదు, కాబట్టి రౌటర్ దాటి బయటికి పోలేదు. చేసిపెట్టేది మాత్రం ఐపీ పని, ఐపీ అడ్రస్ ఇస్తే మ్యాక్ అడ్రస్ తెచ్చిపెడుతుంది. ఈ రెండు వాక్యాలూ రాసి, రెండు లేయర్ల మధ్య పనిచేస్తుందని చెబితే దిద్దేవారు ఏ పుస్తకం చదివినా మార్కు తీసేయలేరు.

ఇదే కొలబద్దను రౌటింగ్ ప్రొటోకాల్స్ మీద పెట్టి చూడండి. దారులు నేర్చుకోవడం నెట్‌వర్క్ లేయర్ పనే కదా. అయినా రిప్ సందేశాలు యూడీపీలో, 520 పోర్ట్ మీద వెళతాయి. బీజీపీ టీసీపీలో 179 పోర్ట్ మీద కూర్చుంటుంది. ఈ మూడింటిలో ఓఎస్‌పీఎఫ్ ఒక్కటే నేరుగా ఐపీ ప్యాకెట్‌లో, 89 అనే ప్రొటోకాల్ అంకెతో పోతుంది. ‘బీజీపీ ఏ లేయర్’ అని బిట్టు ఇస్తే, అడిగింది ప్రయాణం గురించా, పని గురించా అని ప్రశ్నను రెండోసారి చదవాలి. ప్రశ్న ఏదీ చెప్పకపోతే ఆ తప్పు ప్రశ్నది.

ఇక ప్యాకెట్ వెంట బయల్దేరుదాం. హాస్టల్ గదిలో ఒక అమ్మాయి తన కంప్యూటర్‌లో ఒక వెబ్‌సైట్ తెరుస్తోంది. కంప్యూటర్ ఐపీ అడ్రస్ 192.168.1.10, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. ఆ గదికి దారి చూపే రౌటర్, అంటే డిఫాల్ట్ గేట్‌వే, 192.168.1.1. సైట్ పేరును డీఎన్ఎస్ అప్పటికే 203.0.113.25 అనే అడ్రస్‌గా మార్చి ఇచ్చిందనుకుందాం. ఇలా 203.0.113 తో మొదలయ్యేవి పుస్తకాల్లో ఉదాహరణల కోసం విడిగా ఉంచిన అడ్రసులు, నిజంగా అక్కడ ఏ సర్వరూ ఉండదు.

కంప్యూటర్ మొదట చేసేది ఒక చిన్న లెక్క. తన అడ్రస్‌ను మాస్క్‌తో కలిపి చూస్తే 192.168.1.0 వస్తుంది. గమ్యాన్ని అదే మాస్క్‌తో చూస్తే 203.0.113.0 వస్తుంది. రెండూ ఒకటి కాలేదు, అంటే గమ్యం నా వీధిలో లేదు, గేట్‌వేకి ఇవ్వాలి అని తేల్చుకుంటుంది. ఇక్కడే పిల్లలు ఎక్కువమంది జారిపోతారు. ఏఆర్‌పీ సర్వర్ మ్యాక్ అడ్రస్ కోసం అడుగుతుందని రాస్తారు. అడిగేది సర్వర్ గురించి కాదు. ‘192.168.1.1 ఎవరిది?’ అని గదిలో ఉన్న అందరికీ వినిపించేలా అడుగుతుంది, రౌటర్ ఒక్కటే ‘నాది, నా మ్యాక్ ఇదిగో’ అని బదులిస్తుంది. సర్వర్ మ్యాక్ అడ్రస్ ఈ అమ్మాయి కంప్యూటర్‌కు ఎప్పటికీ తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు.

ఇప్పుడు మూట కట్టడం చూడండి. ట్రాన్స్‌పోర్ట్ లేయర్‌లో సెగ్మెంట్ తయారైంది, దాని మీద గమ్యం పోర్ట్ 443. దాని చుట్టూ ఐపీ హెడర్ పడి ప్యాకెట్ అయింది, దాని మీద గమ్యం 203.0.113.25. దాని చుట్టూ ఈథర్నెట్ హెడర్ పడి ఫ్రేమ్ అయింది, దాని మీద గమ్యం రౌటర్ మ్యాక్ అడ్రస్. ఒకే మూట మీద రెండు వేర్వేరు యంత్రాల చిరునామాలు పడ్డాయని గమనించండి. తిరుపతి నుంచి ఇచ్ఛాపురం వెళ్లే మనిషి చేతిలో ఊరి పేరు చివరిదాకా ఒకటే ఉంటుంది, ఎక్కే ప్రతి బస్సు బోర్డు మీద మాత్రం ఆ బస్సు ఆగే ఊరి పేరే ఉంటుంది కదా. ఐపీ అడ్రస్ మనిషి చేతిలోది, మ్యాక్ అడ్రస్ బస్సు బోర్డు.

రౌటర్ ఫ్రేమ్‌ను అందుకుని మొదట సీఆర్‌సీ సరిచూస్తుంది. బాగుంటే ఈథర్నెట్ హెడర్‌ను విప్పి పారేస్తుంది. లోపలి ఐపీ హెడర్‌లో టీటీఎల్ అనే అంకెను ఒకటి తగ్గిస్తుంది. హెడర్‌లో ఒక అంకె మారింది కాబట్టి హెడర్ చెక్‌సమ్‌ను కొత్తగా లెక్కకడుతుంది. తన రౌటింగ్ పట్టిక చూసి ఎటు పంపాలో తేల్చుకుని, తరవాతి పరికరం మ్యాక్ అడ్రస్‌తో కొత్త ఫ్రేమ్ కట్టి, కొత్త సీఆర్‌సీ తగిలించి పంపుతుంది. ఇందాకటి ప్రశ్నకు జవాబు ఇదే. మారినవి రెండు మ్యాక్ అడ్రసులూ, టీటీఎల్, ఐపీ హెడర్ చెక్‌సమ్, ఫ్రేమ్ సీఆర్‌సీ. మారనివి రెండు ఐపీ అడ్రసులూ, పోర్టులూ, లోపలి డేటా.

ఇది పరీక్షకు చాలు కానీ ఇంటికి చాలదు. 192.168 తో మొదలయ్యే అడ్రసులు ఇంటర్నెట్‌లో చెల్లవు, కాబట్టి ఇంటి రౌటర్ బయటికి పంపేముందు పంపినవారి ఐపీ అడ్రస్‌ను తన బయటి అడ్రస్‌గా మారుస్తుంది. దాన్నే న్యాట్ అంటారు. గదిలో పది ఫోన్లుంటే ఏ జవాబు ఎవరిదో గుర్తుపట్టడానికి పోర్ట్ నంబర్‌ను కూడా మారుస్తుంది. అంటే మూడో లేయర్ పరికరం అనుకున్నది నాలుగో లేయర్ హెడర్‌లో వేలు పెట్టింది. ప్రశ్నలో న్యాట్ మాట ఉందో లేదో చూసుకుని జవాబు రాయండి, లేకపోతే ఐపీ మారదనే రాయాలి.

2013 గేట్‌లో ఈ ప్రయాణం మీదే ఒక మంచి ప్రశ్న వచ్చింది. పంపేవారికీ అందుకునేవారికీ మధ్య రెండు రౌటర్లున్నాయి, ఒక ప్యాకెట్ నెట్‌వర్క్ లేయర్‌ను ఎన్నిసార్లు, డేటా లింక్ లేయర్‌ను ఎన్నిసార్లు దర్శిస్తుంది అని. పట్టికను మాత్రమే బట్టీ పట్టినవారికి ఇది దొరకదు. నడిచి చూసినవారికి నిమిషం పని. పంపే యంత్రంలో నెట్‌వర్క్ ఒకసారి, డేటా లింక్ ఒకసారి. మొదటి రౌటర్‌లో లోపలికి వచ్చేటప్పుడు డేటా లింక్, పైకెక్కి నెట్‌వర్క్, మళ్లీ దిగి బయటికి పోయేటప్పుడు డేటా లింక్. రెండో రౌటర్‌లోనూ అంతే. చివరి యంత్రంలో డేటా లింక్ ఒకసారి, నెట్‌వర్క్ ఒకసారి. కూడితే నెట్‌వర్క్ నాలుగు, డేటా లింక్ ఆరు. ట్రాన్స్‌పోర్ట్ అడిగి ఉంటే రెండే, రెండు కొసల్లోనూ ఒక్కోసారి.

ఈ నడకలోనే ఇంకొక ప్రశ్నకు జవాబు ఉంది. డేటా లింక్‌లో సీఆర్‌సీతో తప్పులు పట్టుకుంటున్నాం కదా, మళ్లీ టీసీపీలో చెక్‌సమ్ ఎందుకు అని అడుగుతారు. పిల్లలు ‘మరింత భద్రత కోసం’ అని రాస్తారు. దానికి సగం మార్కు కూడా దండగే. రౌటర్ లోపల ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. పాత సీఆర్‌సీని సరిచూసి పారేసింది, కొత్త సీఆర్‌సీ తగిలించింది. ఈ రెండు పనుల మధ్య ప్యాకెట్ కాసేపు రౌటర్ మెమరీలో ఉంది. ఆ కాసేపట్లో మెమరీ లోపం వల్ల ఒక బిట్ తిరగబడిందనుకోండి. కొత్త సీఆర్‌సీని తిరగబడిన బిట్‌తోనే లెక్కకడతారు, కాబట్టి తరవాతి పరికరానికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఐపీ హెడర్ చెక్‌సమ్ హెడర్‌ను తప్ప డేటాను చూడదు. ఈ తప్పు దొరికే అవకాశం పంపిన కొసలో లెక్కకట్టి, అందుకున్న కొసలో సరిచూసే టీసీపీ చెక్‌సమ్‌కే ఉంది. ‘ఎవరితో మాట్లాడుతుంది’ వరుసలో చూస్తే ఇది తేటగా కనిపిస్తుంది. పక్కవారితో మాట్లాడే లేయర్ పక్కవారి దాకానే హామీ ఇవ్వగలదు.

ఇక లెక్క దగ్గరికి వద్దాం. నెట్‌వర్క్ లేయర్ గడిలో ఫ్రాగ్మెంటేషన్ అని రాసి ఉంటుంది. ఒక తీగ మీద ఒకసారికి ఎంత పెద్ద ప్యాకెట్ పడుతుందో దాన్ని ఎంటీయూ అంటారు. ఈథర్నెట్‌కు అది 1500 బైట్లు. ప్రశ్న ఇలా ఉంటుంది: 4000 బైట్ల ఐపీ ప్యాకెట్, 20 బైట్ల హెడర్, ఎంటీయూ 1500. ఎన్ని ముక్కలవుతుంది, ఒక్కో ముక్క ఆఫ్‌సెట్ ఎంత?

హెడర్ తీసేస్తే డేటా 3980 బైట్లు. ప్రతి ముక్కకూ మళ్లీ సొంత హెడర్ 20 బైట్లు కావాలి, కాబట్టి ఒక్కో ముక్కలో డేటా 1480 దాకా పడుతుంది. మొదటి ముక్క 1480, రెండోది 1480, మిగిలింది 1020. మూడు ముక్కలు. వాటి మొత్తం పొడవులు 1500, 1500, 1040. మూడూ కూడితే 4040 వస్తుంది, మొదటి 4000 రాదు. రెండు హెడర్లు అదనంగా వచ్చాయి కదా. ‘ఇంకా ఉంది’ అని చెప్పే బిట్ మొదటి రెండింటిలో 1, చివరిదాంట్లో 0.

ఆఫ్‌సెట్ అంటే ఈ ముక్కలోని డేటా అసలు డేటాలో ఎక్కడ మొదలవుతుందో చెప్పే అంకె. మొదటిది 0. రెండోది 1480 దగ్గర మొదలవుతుంది, కానీ హెడర్‌లో రాసేది 1480 కాదు, దాన్ని 8 తో భాగిస్తే వచ్చే 185. మూడోది 2960 దగ్గర, రాసేది 370. ఎనిమిదితో భాగించడమెందుకు? ప్యాకెట్ పొడవు చెప్పే గడికి 16 బిట్లు ఉన్నాయి, అంటే 65,535 దాకా చెప్పొచ్చు. ఆఫ్‌సెట్‌కు మిగిలింది 13 బిట్లే, దాంతో ఎనిమిది వేల పైచిలుకు అంకెలే చెప్పగలం. మూడు బిట్ల లోటును పూడ్చడానికి ఎనిమిది బైట్ల కొలపాత్రతో కొలుస్తున్నారు.

ఈ కారణం తెలిస్తే ప్రశ్నలో పెట్టే ఉచ్చు కూడా కనిపిస్తుంది. ఎంటీయూ 1200 ఇచ్చారనుకోండి. హెడర్ పోగా 1180 మిగిలింది. తొందరపడి ముక్కలో 1180 పెడితే రెండో ముక్క ఆఫ్‌సెట్ 147 న్నర అవుతుంది, హెడర్‌లో అరకు చోటు లేదు. చివరి ముక్క తప్ప మిగతా ముక్కలన్నిటిలో డేటా ఎనిమిది గుణిజంగానే ఉండాలి, కాబట్టి 1176కు దిగాలి. 3980 లో మూడు 1176 లు పోతే 452 మిగులుతుంది, నాలుగు ముక్కలు. ఆఫ్‌సెట్లు 0, 147, 294, 441. ఎంటీయూ 1500 అయినప్పుడు 1480 అదృష్టం కొద్దీ ఎనిమిదికి తెగుతుంది, అందుకే ఆ ఒక్క ఉదాహరణ మాత్రమే చూసినవారికి ఈ నియమం ఎప్పుడూ తగలదు.

ముక్కలను మళ్లీ అతికేది ఎవరు? దారిలో ఏ రౌటరూ కాదు, చివరి యంత్రమే. ఒక్క ముక్క దారిలో పోయినా మిగతా ముక్కలన్నీ వృథా. ఈ నష్టం భరించలేక ఇవాళ చాలా కంప్యూటర్లు అసలు ముక్కలు చేయనివ్వవు. ఐపీ హెడర్‌లో ‘ముక్కలు చేయొద్దు’ అనే బిట్‌ను 1 గా పెట్టి పంపుతాయి. ఇలాంటి ప్యాకెట్ ఇరుకు తీగ దగ్గరికి వస్తే రౌటర్ దాన్ని పారేసి, పంపినవారికి ఐసీఎంపీలో ఒక కబురు పెడుతుంది: పట్టలేదు, ఇక్కడ ఇంతే పడుతుంది అని. పంపినవారు సైజు తగ్గించుకుని మళ్లీ పంపుతారు.

పరీక్ష పుస్తకంలోని ఈ పేరా ఇంట్లో చిక్కుగా మారేది ఇక్కడే. ఫైబర్, డీఎస్ఎల్ కనెక్షన్లలో చాలా చోట్ల పీపీపీఓఈ అనే పద్ధతి వాడతారు. అది ఈథర్నెట్ ఫ్రేమ్ లోపల తన కోసం 8 బైట్లు తీసుకుంటుంది, కాబట్టి ఆ తీగ మీద ఎంటీయూ 1492. గదిలో కంప్యూటర్‌కు అది తెలియదు, తన వైఫై 1500 మోయగలదు కాబట్టి సర్వర్‌తో పరిచయం అయ్యేటప్పుడు ‘సెగ్మెంట్‌లో 1460 బైట్లు పంపు’ అంటుంది. 1500 లోంచి ఐపీ హెడర్ 20, టీసీపీ హెడర్ 20 తీసేసిన లెక్క అది. సర్వర్ నిండుగా 1500 బైట్ల ప్యాకెట్లు పంపుతుంది. కనెక్షన్ ఇచ్చే కంపెనీ రౌటర్ దగ్గర 1492 దారి ఎదురై, ప్యాకెట్ పడిపోతుంది, ఐసీఎంపీ కబురు సర్వర్‌కు వెళుతుంది. సర్వర్ ముందున్న ఫైర్‌వాల్‌ను ఎవరో ఐసీఎంపీ మొత్తం ప్రమాదమనుకుని మూసేసి ఉంటే ఆ కబురు లోపలికి చేరదు. సర్వర్ ఏమీ తెలియకుండా అదే సైజు ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటుంది.

దీని లక్షణాలు వింతగా ఉంటాయి. పింగ్ చేస్తే జవాబు వస్తుంది, ఎందుకంటే పింగ్ ప్యాకెట్ చిన్నది. సైట్‌కు కనెక్షన్ కూడా కుదురుతుంది, పరిచయం ప్యాకెట్లూ చిన్నవే. పేజీ మాత్రం తెల్లగా తిరుగుతూ ఉండిపోతుంది. కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని తెరుచుకోవు. పట్టికను కింది నుంచి పైకి పరీక్షించేవారికి మొదటి నాలుగు గడులూ బాగున్నట్లే కనిపిస్తాయి, దాంతో తప్పంతా అప్లికేషన్‌దని బ్రౌజర్‌ను తీసేసి మళ్లీ వేస్తారు. ఏమీ మారదు.

అనుమానం వస్తే సైజు పెంచి పింగ్ చేసి చూడాలి. విండోస్‌లో ఇలా, చివరి అడ్రస్ బదులు పింగ్‌కు జవాబిచ్చే ఏదైనా నిజమైన సర్వర్ పేరు పెట్టుకుని:

```
ping -f -l 1472 203.0.113.25
ping -f -l 1464 203.0.113.25
```

మొదటి గుర్తు ముక్కలు చేయొద్దని చెబుతుంది, రెండోది డేటా ఎంతో చెబుతుంది. 1472 కు ఐసీఎంపీ హెడర్ 8, ఐపీ హెడర్ 20 కలిపితే సరిగ్గా 1500. దారి 1492 దే అయితే మొదటిదానికి తెర మీద ఈ మాట కనిపిస్తుంది:

```
Packet needs to be fragmented but DF set.
```

1464 కు 28 కలిపితే 1492, అది వెళ్లి జవాబు తెస్తుంది. 1465 పెడితే మళ్లీ వెళ్లదు. ఈ రెండు అంకెల మధ్య గీత దొరికిందంటే రోగం పట్టుబడినట్టే. ఏ సైజుకూ జవాబు రాకపోతే ఆ సర్వర్ పింగ్‌లనే ఆపేస్తోందేమో, వేరేదానితో చూడాలి.

మందు ఇంటి రౌటర్‌లోనే ఉంది. చాలా రౌటర్లలో టీసీపీ పరిచయం ప్యాకెట్‌లో రాసిన 1460 ని దారిలోనే 1452 గా దిద్దే సదుపాయం ఉంటుంది. 1492 లోంచి 40 తీసేస్తే వచ్చే అంకె అది. దాన్ని ఆన్ చేస్తే సర్వర్ మొదటి నుంచీ చిన్న ప్యాకెట్లే పంపుతుంది, ఐసీఎంపీ కబురు అవసరమే రాదు. యూడీపీ మీద నడిచేవాటికి ఈ మందు పనిచేయదు, వాటికి కంప్యూటర్ ఎంటీయూనే 1492 కు తగ్గించుకోవాలి. ఇంకొక మాట, ప్రశ్నలో ఐపీ వెర్షన్ 6 అని ఉంటే ఇందాకటి ముక్కల లెక్కను రౌటర్‌కు అంటగట్టకండి. అక్కడ రౌటర్లు ముక్కలు చేయవు. పట్టకపోతే పారేసి కబురు పెడతాయి, ముక్కలు చేయాలంటే పంపే యంత్రమే చేయాలి. ప్రతి దారీ కనీసం 1280 బైట్లు మోయాలన్నది అక్కడి నియమం.